అప్రైజల్‌లో ‘బద్ధకం’ అని రాసే ముందు

ఏడాది చివరి అప్రైజల్‌లో ‘స్లో’, ‘బద్ధకం’ అనే మాటలు పక్కపక్కనే కనిపిస్తుంటాయి కానీ రెండూ ఒక్కటి కావు. పని ఆలస్యమైందో లేదో లెక్క తీసి చూడొచ్చు. బద్ధకం అనేది మనిషి స్వభావం మీద ఇచ్చే తీర్పు. మేనేజరుకు కనిపించేది ఆలస్యం మాత్రమే, కారణం ఆయన ఊహ. ఎదుటివారి ప్రవర్తనకు పరిస్థితులను వదిలేసి స్వభావాన్నే కారణంగా చూసే ఈ మొగ్గుకు అమెరికన్ మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో ‘ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్’ అని పేరు పెట్టారు.

అలాగని మాట మెత్తబరిస్తే సరిపోదు. ‘నెమ్మదస్తుడు’ అని రాస్తే చదివినవాడు మెప్పు అనుకుంటాడు. ‘ఇంకా మెరుగుపడే అవకాశం ఉంది’ అన్న వాక్యం ఆఫీసులో ఎవరికైనా అతుకుతుంది. ఇంక్రిమెంటు తగ్గిన రోజున గానీ అసలు సంగతి తెలియదు. ఇది మర్యాద కాదు, దాపరికం.

మేలైన పద్ధతి ఎప్పుడు, ఏం జరిగింది, దానివల్ల ఏమైంది అన్న మూడింటినీ వరసగా రాయడం. సరఫరాదారుల బిల్లులు పరిశీలించి చెల్లింపునకు పంపే ఒక అకౌంట్స్ ఉద్యోగినే తీసుకుందాం. ఒక్కో బిల్లుకు గడువు 3 పనిదినాలు. జనవరి నుంచి మార్చి దాకా వచ్చిన 120 బిల్లుల్లో 45 గడువు దాటాయి. ‘పని చాలా స్లో’ అని రాసేయడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. ఆ 45నూ తిరగేస్తే కథ మారుతుంది. 30 బిల్లుల మీద పర్చేజ్ ఆర్డర్ నంబరే లేదు, అవి కొనుగోలు విభాగానికి వెళ్లి తిరిగొచ్చాయి. అది ఆయన ఖాతాలో వేయాల్సిన తప్పు కాదు. మిగతా 15 మాత్రం కాగితాలన్నీ సక్రమంగా ఉండి కూడా ఆయన దగ్గరే ఉండిపోయాయి.

అప్పుడు రాయాల్సింది ఇది: ‘జనవరి–మార్చిలో, వివరాలన్నీ ఉన్న 15 బిల్లులు 3 రోజుల గడువు దాటి మీ దగ్గరే ఆగాయి. ఇద్దరు సరఫరాదారులు డబ్బు అందలేదని సరుకు ఆపారు. ఆలస్యమవుతుందని మీ నుంచి ముందుగా సమాచారం రాలేదు. ఏప్రిల్ నుంచి గడువు దాటేలా ఉన్న బిల్లును రెండో రోజే తెలియజేయాలి.’ ఇందులో తిట్టు లేదు. అయినా అసలు ఫిర్యాదు ఒక్క పిసరు కూడా తగ్గలేదు, పైగా ‘స్లో’ అన్న మాటలో లేని కఠినత్వం ఇందులో ఉంది. ఉద్యోగి దీనికి జవాబు చెప్పగలడు. ‘నువ్వు బద్ధకస్తుడివి’ అంటే కాదని వాదించడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు.

కారణం అడిగాక కొన్నిసార్లు శిక్షణ లోపమో, పనిభారమో బయటపడుతుంది. ఏ అడ్డంకీ లేకుండా మళ్లీ అదే జరిగితే ‘గడువు పాటించడం లేదు, రెండుసార్లు చెప్పినా మార్పు రాలేదు’ అని తేదీలతో రాయాలి. రేటింగు కూడా ఆ మాటకు తగ్గట్టే ఉండాలి. ఫిబ్రవరిలో ఆగిన బిల్లు సంగతి ఫిబ్రవరిలోనే చెప్పాలి, అప్రైజల్ ఫారం దాన్ని మొదటిసారి వినిపించే చోటు కాదు.