నాలుగు వారాల్లో అనలాగ్: బయాసింగ్ గట్టిగా పట్టండి

గేట్ ఎలక్ట్రానిక్స్ పేపర్‌కు చదివేవాళ్లలో చాలామంది అనలాగ్ రివిజన్‌ను డయోడ్లతో మొదలుపెట్టి, వాటి దగ్గరే ఉండిపోతారు. ఆప్-ఆంప్‌కు వచ్చేసరికి పరీక్ష ముంచుకొస్తుంది. క్లిప్పర్, క్లాంపర్, రెక్టిఫైయర్లకు మొదటి వారంలో మూడు రోజులు చాలు. ఆ వారంలో మిగిలిన రోజులు, రెండో వారం మొత్తం బీజేటీ, మాస్‌ఫెట్ బయాసింగ్‌కే ఇవ్వాలని నా అభిప్రాయం.

ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. సరఫరా 10 వోల్టులు, బేస్‌కు 200 కిలోఓమ్‌లు, కలెక్టర్‌కు 2 కిలోఓమ్‌లు, ఎమిటర్ నేరుగా గ్రౌండ్‌కు. బేస్-ఎమిటర్ మధ్య 0.7 వోల్టులు తీసేస్తే బేస్ కరెంటు 46.5 మైక్రోఆంపియర్లు. బీటా 150 అనుకుంటే కలెక్టర్ కరెంటు సుమారు 7 మిల్లీఆంపియర్లు వస్తుంది. అంటే కలెక్టర్ రెసిస్టర్ మీదే 14 వోల్టులు పడాలి. ఉన్నవే 10! ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లోకి వెళ్లిందన్నమాట. కలెక్టర్-ఎమిటర్ వోల్టేజి 0.2గా తీసుకుంటే అసలు కరెంటు 4.9 మిల్లీఆంపియర్లే. ముందు యాక్టివ్ అనుకోవడం తప్పు కాదు, తర్వాత సరిచూడకపోవడమే తప్పు.

మూడో వారం స్మాల్ సిగ్నల్. అదే సర్క్యూట్‌లో బీటా 50 అయితే కరెంటు 2.325 మిల్లీఆంపియర్లు, కలెక్టర్ దగ్గర 5.35 వోల్టులు. యాక్టివ్‌లోనే ఉంది కాబట్టి ముందుకు వెళ్లొచ్చు. థర్మల్ వోల్టేజి 25 మిల్లీవోల్టులుగా తీసుకుంటే, సిగ్నల్ నేరుగా బేస్‌కు ఇచ్చినప్పుడు గెయిన్ మైనస్ 186. అదే 26 అనుకుంటే దాదాపు మైనస్ 179. జవాబును అంకెల్లో టైపు చేయాల్సిన ప్రశ్నలో ఈ తేడాతోనే మార్కు పోవచ్చు, కాబట్టి ప్రశ్నలో ఏ విలువ ఇచ్చారో ముందే గీత గీసుకోండి. కరెంట్ మిర్రర్, డిఫరెన్షియల్ ఆంప్లిఫయర్, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ఈ వారం చివర్లో సర్దుకోవాలి.

నాలుగో వారం మొదటి సగం ఆప్-ఆంప్. ఫీడ్‌బ్యాక్ తీగ ఏ ఇన్‌పుట్‌కు వెళ్తోందో చూశాకే పెన్ను కదపండి. అది ప్లస్‌కు మాత్రమే వెళ్తే అది ష్మిట్ ట్రిగర్ కావచ్చు, అక్కడ రెండు ఇన్‌పుట్లూ సమానమనే సూత్రం పనిచేయదు. ఔట్‌పుట్ ప్లస్ లేదా మైనస్ 12 వోల్టులై, అందులో మూడో వంతు ప్లస్ ఇన్‌పుట్‌కు తిరిగివస్తే, సిగ్నల్ మైనస్ ఇన్‌పుట్‌లో ఉన్నప్పుడు ట్రిప్ అయ్యేది ప్లస్ 4, మైనస్ 4 వోల్టుల దగ్గర.

చివరి మూడు రోజులు పాత పేపర్లే చేయండి, గడియారం ముందు పెట్టుకుని, గేట్ తెరమీద ఇచ్చే కాలిక్యులేటర్ లాంటిదానితో. కొత్త పుస్తకం మాత్రం తెరవకండి.