కొత్త మిఠాయి కొట్టు పిలుస్తోంది!

రాజమండ్రిలో మా పేట సెంటర్లో ఓ పేరున్న మిఠాయి దుకాణం వాళ్ళు కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. గురువారం ఉదయం ప్రారంభోత్సవం. అరటిచెట్లు, మామిడి తోరణాలు, మైకు... అన్నీ సిద్ధం. న్యూస్ పేపర్లో పెట్టి ఇంటింటికీ కరపత్రం కూడా వేశారు. కిలో కొన్నవారికి పావు కిలో ఉచితం, మొదట వచ్చిన వందమందికి స్టీలు డబ్బా, ఆఫరు ఆ ఒక్కరోజే. మా వీధిలో ఆడవాళ్ళందరికీ నాల్రోజులుగా ఇదే కబురు.

మా పక్కింటి వదినగారికైతే ఇది సరదా కబురు కాదు, అవసరం. వాళ్ళమ్మాయి సీమంతం ఆదివారం. అరవైమంది పేరంటాళ్ళు. చలిమిడి, పులిహోర ఇంట్లోనే చేస్తారు గానీ, పెట్టాల్సిన మిఠాయి మాత్రం కొనాల్సిందే. కరపత్రం పట్టుకుని మా ఇంటికొచ్చి, "ఏం వదినా, గురువారమే తెచ్చి పడేస్తే పోలా? పావు కిలో ఊరికే వస్తోందిగా!" అన్నారు. ఇద్దరం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాం.

కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఓ ముక్క ఉంది. ఉచితంగా ఇచ్చేది బూందీ లడ్డు మాత్రమేనట. కొన్న స్వీటే ఇస్తే కిలోపావు సరుకుకి కిలో డబ్బులే కడతాం కాబట్టి నూటికి 20 రూపాయలు తగ్గినట్టు. పావు అనగానే 25 తగ్గిందనుకుంటాం గానీ, కాదండీ. ఇక ఇచ్చేది వేరే స్వీటయితే ఆ 20 కూడా ఉండదు. కిలో 1200 రూపాయల కాజూ కట్లీ కొన్నామనుకోండి. బూందీ లడ్డు కిలో 320 అయితే పావు కిలో ఖరీదు 80 రూపాయలు. అంటే 1200 పెట్టి 1280 రూపాయల సరుకు తెచ్చుకున్నాం. నూటికి ఆరు రూపాయలు కలిసొచ్చిందంతే. అదే కిలో 400 రూపాయల కాజా మీదైతే ఆ 80 రూపాయలే నూటికి పదహారు దాకా కలిసొస్తుంది. ఇలాంటి ఆఫర్లో ఖరీదైన స్వీటు కొన్నకొద్దీ మనకి దక్కేది తక్కువన్నమాట.

వదినగారు కాజూ కట్లీ కొట్టేసి, మన గోదావరి వైపు మర్యాద చొప్పున తాపేశ్వరం మడత కాజా, తొక్కుడు లడ్డు రాసుకున్నారు. మనిషికి ఒక్కొక్కటి. లడ్డు 40 గ్రాములుంటే కిలోకి 25 వస్తాయి, అరవైమందికి రెండున్నర కిలోలు తీసుకుంటే రెండు మూడు మిగులుతాయి. కాజా 50 గ్రాములనుకుంటే మూడు కిలోలు. కిలో ఐదువందల చొప్పున లడ్డు 1250, నాలుగువందల చొప్పున కాజా 1200, వెరసి 2450 రూపాయలు. నిండు కిలోలు ఐదు కాబట్టి బూందీ లడ్డు కిలోంపావు వస్తుంది. మిగిలిన అరకిలోకి ఏమీ రాదు. వచ్చిన బూందీ లడ్డు ఖరీదు 400. పేరంటానికొచ్చే పిల్లలకీ, ఇరుగుపొరుగు పళ్ళేలకీ ఎలాగూ కిలో బూందీ లడ్డు కొనాలనుకున్నారు కాబట్టి ఆవిడకి ఇది లాభమే. లేకపోతే ఇంట్లో ఎవరూ తినని లడ్డు గిన్నెలో ఎండిపోయేది.

అసలు సంగతి ఇక్కడుంది. గురువారం తెచ్చింది ఆదివారానికి బాగుండాలిగా! బ్రాంచిలో సాధారణంగా పొయ్యి ఉండదు. సరుకంతా పెద్ద కొట్టు వంటశాలలో చేయించి వ్యానులో తెస్తారు. ప్రారంభోత్సవం రోజు జనం ఎక్కువ వస్తారు కాబట్టి, నిలవుండేవి ముందురోజుల్లోనే చేయించి పేర్చేస్తారు. అందులో తప్పేమీ లేదు, ఏది ఎన్నాళ్ళుంటుందో మనకి తెలిస్తే చాలు. కలాకండ్ తడి ఎక్కువ ఉన్న పాలకోవా, దాన్ని చేసినరోజే తినెయ్యాలి. రసగుల్లా, రసమలై లాంటివి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజులు. కోవా బర్ఫీ, పేడా అయితే మూడు నాలుగు రోజులు. తొక్కుడు లడ్డుకి పిండిని పూసలా వేయించి, దంచి, జల్లించి, పాకంలో కలిపి కడతారు కాబట్టి అందులో తడి తక్కువ, వారం దాటినా కమ్మగానే ఉంటుంది. కాజా కూడా నాలుగైదు రోజులు నిలుస్తుంది, కాకపోతే పైపొర మెత్తబడుతుంది.

2020 అక్టోబరు 1 నుంచి విడిగా అమ్మే స్వీట్ల ట్రేల మీద కూడా ఎప్పటిలోగా తినాలో ఆ తేదీ రాసి పెట్టాలనే నియమం వచ్చింది. తోపులాటలో మనం చూడం గానీ, ట్రే ముందు ఆ చీటీ ఉందో లేదో చూడండి. చీటీ లేకపోతే "ఎప్పుడు చేసిందండీ?" అని అడగడానికి మొహమాటమెందుకు? కోవా స్వీటయితే ఓ ముక్క రుచి చూపించమనండి. పుల్లటి వాసనొచ్చినా, పైన జిగురుగా చెమర్చినట్టున్నా వదిలెయ్యండి. కాజాకి పాత నూనె వాసన తగిలినా అంతే. నేతి స్వీటని బోర్డు పెట్టినదాన్ని నాలుక మీద పెట్టుకుంటే హాయిగా కరగాలి. అంగిలికి మైనంలా అంటుకుంటే డాల్డా కలిసిందేమోనని అనుమానించాల్సిందే. అయితే నెయ్యి, డాల్డా కొంచెం కొంచెం కలిపితే నాలుకతో కనిపెట్టడం మన వల్ల కాదు.

ఇంకో సంగతి, తూకం. అట్టపెట్టె బరువు స్వీటు తూకంలో కలపకూడదు. మా ఇంట్లో ఉన్న ఖాళీ పెట్టె ఒకటి వంటింటి కాటాలో పెట్టి చూస్తే 62 గ్రాములు తూగింది! కిలో 500 రూపాయల లడ్డు పెట్టెతో సహా తూస్తే 31 రూపాయలు అట్టకే పోతాయి. ఐదు పెట్టెలకి నూటయాభై పైమాటే, ఆఫర్లో వచ్చిన 400లో మూడోవంతు పైచిలుకు అక్కడే హరించుకుపోతుంది. ఖాళీ పెట్టె కాటా మీద పెట్టి, అంకె సున్నాకి తెచ్చాక స్వీట్లు వెయ్యమనండి.

వదినగారు గురువారం దాకా ఆగలేదు. బుధవారం సాయంత్రం, బోర్డుకి బల్బులు కడుతుండగానే వెళ్ళి మేనేజరుగారిని అడిగారు. "బాబూ, డబ్బు రేపు ఆఫర్లో కట్టేస్తాను. సరుకు శనివారం సాయంత్రం తాజాగా ఇస్తారా?" అని. ఆయన కాసేపు ఆలోచించి, "మూడు కిలోలు దాటితే ఇస్తామమ్మా" అన్నారట. అయితే నోటిమాట కాకుండా బిల్లు మీదే ఉచిత లడ్డుతో సహా కిలోలన్నీ, శనివారం తేదీ, సంతకం ఉండాలని ఈవిడ పట్టుబట్టారు. సరేనన్నారు. పెద్ద ఆర్డరు కదా, కొట్టువాళ్ళకీ మొదటిరోజు అమ్మకం లెక్కలో పడుతుంది.

వాళ్ళమ్మాయికి ఇష్టమని పూతరేకులు మాత్రం విడిగా రాయించారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు మనకి దగ్గరే కాబట్టి, వాటికి ఆఫరు లేకపోయినా పరవాలేదనుకున్నారు. అవి ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి, తేమ పీల్చి రేకు సాగుతుంది. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, తడిచేత్తో ముట్టుకోకుండా ఉంటే ఆదివారానికి కూడా నోట్లో వెయ్యగానే కరిగిపోతాయి. ఆ డబ్బా కోసమైనా గురువారం పొద్దున్నే లైన్లో నిలబడతానంటున్నారు వదినగారు.