విమానాశ్రయ అంతర్దృశ్య చిత్రణలో మనిషి కొలత, ఎండ కోణం: దొనకొండ ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం: కట్టబోయే విమానాశ్రయాన్ని ప్రజలు మొదట చూసేది కంప్యూటరు చిత్రంలోనే. ఆ చిత్రంలోని హాలు ఎత్తు, ఎండ, జనసమ్మర్దం నిజమైనవో కావో సామాన్యమైన లెక్కలతో పరీక్షించవచ్చునని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: దృశ్యచిత్రణ, క్షితిజరేఖ, స్కైలైటు, దొనకొండ.

1. పరిచయం

పశ్చిమ ప్రకాశంలోని దొనకొండలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానస్థలం ఉంది. దానిని తిరిగి వాడుకలోకి తేవాలన్న ప్రతిపాదనలు పలుమార్లు వచ్చాయి. అక్కడ ఒక చిన్న టెర్మినల్ కట్టినట్లు ఊహించి పరిశీలిద్దాం. నడుమ స్తంభాలు లేని 36 మీటర్ల చదరపు హాలు, 15 మీటర్ల ఎత్తున పైకప్పు, అందులో స్కైలైట్లు. ఈ కొలతలు కేవలం అభ్యాసం కోసం తీసుకున్నవి.

2. మనిషే కొలబద్ద

అంత విశాలమైన హాలులో పైకప్పు ఎత్తును కన్ను నేరుగా అంచనా వేయలేదు. కింద నిలిచిన మనిషితో పోల్చుకొని గ్రహిస్తుంది. కనుక మనిషి బొమ్మ తప్పితే హాలు కూడా తప్పుతుంది.

కెమెరాను పైకీ కిందికీ వంచకుండా నేల నుండి 1.55 మీటర్ల ఎత్తున నిలిపితే, చిత్రంలోని క్షితిజరేఖ అదే ఎత్తును సూచిస్తుంది. సమతలంగా ఉన్న నేలపై ఎవరు ఎంత దూరంలో నిలిచినా, వారి పాదాల నుండి ఆ రేఖ వరకు ఉన్న దూరం 1.55 మీటర్లకు సమానం. ఒకచోట ఆ దూరం 31 పిక్సెళ్లయితే మీటరుకు 20 పిక్సెళ్లు వస్తాయి. అక్కడ 1.65 మీటర్ల మనిషి 33 పిక్సెళ్లు, ఆయన నెత్తిమీది పైకప్పు నేల నుండి 300 పిక్సెళ్లు ఉండాలి.

అక్కడే 25 పిక్సెళ్ల మనిషిని అతికిస్తే, చూసేవారి కన్ను ఆ బొమ్మను 1.65 మీటర్లుగానే భావించి, పైకప్పును దాదాపు 20 మీటర్లుగా చదువుతుంది. కట్టబోయే హాలు చిత్రంలో మూడోవంతు పెరుగుతుంది. ఈ లోపాన్ని గుర్తించడం సులభం. నిలుచున్న పెద్దల తలలు దూరంతో నిమిత్తం లేకుండా క్షితిజరేఖ దగ్గరే ఉండాలి. అందరి తలలూ దానికి బాగా కిందనే ఉంటే బొమ్మలు చిన్నవన్నమాట. పిల్లల తలలు కిందికి రావడం సహజమే.

3. ఈ అక్షాంశపు ఎండ

దొనకొండ సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. డిసెంబరు అయనాంతాన మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 51 డిగ్రీల ఎత్తున ఉంటాడు. జూన్ అయనాంతాన 82 డిగ్రీల ఎత్తున, అదీ ఉత్తరం వైపున ఉంటాడు. మే మొదటి వారం నుండి ఆగస్టు రెండో వారం వరకు మధ్యాహ్న సూర్యుడు ఇక్కడ నడినెత్తికి ఉత్తరంగానే నడుస్తాడు.

ఐరోపాలో ఉత్తరపు వెలుగు చల్లనిది, నీడలు లేనిది. ఆ నమూనాను ఇక్కడ యథాతథంగా అనుకరిస్తే, ఉత్తరం వైపు నిటారుగా తెరిచిన స్కైలైటులోకి కూడా వేసవిలో నేరుగా ఎండ దిగే అవకాశం ఉంది.

పైకప్పులోని రంధ్రం గుండా పడిన ఎండమచ్చ, డిసెంబరు మధ్యాహ్నం ఆ రంధ్రానికి నేరు కింద నుండి 12 మీటర్లు ఉత్తరాన పడుతుంది. జూన్‌లో 2 మీటర్లు దక్షిణాన పడుతుంది. సూర్యబింబం బిందువు కాదు, అర డిగ్రీ వెడల్పు గల వృత్తం. అందువల్ల 15 మీటర్లు దిగివచ్చిన ఎండమచ్చ అంచు జూన్‌లో సుమారు 14 సెంటీమీటర్ల మేర మసకబారుతుంది. అదే మచ్చలో నిలిచిన మనిషి పాదాల దగ్గరి నీడ మాత్రం పదునుగా ఉంటుంది. రెండూ ఒకే పదునుతో కనిపిస్తే ఆ వెలుగు కృత్రిమమని తెలుస్తుంది.

4. ఎందరు, ఎక్కడ?

హాలులో ఒకేసారి ఉండేవారి సంఖ్యను, గంటకు వచ్చేవారిని ఒక్కొక్కరు గడిపే సమయంతో గుణించి తెలుసుకోవచ్చు. సుమారు 70 సీట్ల ఏటీఆర్ విమానాలు గంటలో రెండు నిండుగా బయలుదేరి, ప్రయాణికుడు ఈ హాలులో సగటున 20 నిమిషాలు గడిపితే, ఒకేసారి కనిపించేది సుమారు 47 మంది. చిత్రంలో 400 మందిని నింపితే గంటకు 17 విమానాలు బయలుదేరుతున్నట్లు అర్థం.

ఈ 47 మంది నేలంతా సమానంగా పరచుకోరు. కౌంటర్ల ముందు వరుసలుగా, సామాను చుట్టూ కుటుంబాలుగా గుమిగూడతారు. మిగతా నేల దాదాపు ఖాళీగానే ఉంటుంది. మన విమానాశ్రయాల్లో టిక్కెట్టు, గుర్తింపుపత్రం చూసి ప్రయాణికులనే లోపలికి పంపుతారు. కాబట్టి సాగనంపడానికి వచ్చిన బంధువులను గుమ్మం వెలుపల చూపాలి. విదేశీ చిత్రసంపుటాల నుండి తెచ్చిన జనంలో ఈ తేడా కనిపించదు.

5. ముగింపు

ఈ పరీక్షలు హాలు అవసరమా, అనవసరమా అన్నది తేల్చవు. పైకప్పు బలాన్నీ నిర్ధారించవు. తలలు ఏ రేఖపై ఉన్నాయి, ఎండ ఏ నెలలో ఏ గంటకు పడింది, ఆ జనం ఎన్ని విమానాల వారు అన్న మూడు ప్రశ్నలకు మాత్రం చిత్రం నుండే జవాబు రాబడతాయి. భూమి ఇవ్వబోయే ఊరివారి ముందు పెట్టే చిత్రానికి ఈ జవాబులు జతచేయడం చిత్రకారుని బాధ్యత.