ఆకాశంలో దుమ్ముచుక్కలు

లెన్స్ మార్చుకునే కెమెరాతో చార్మినార్‌ను తీశారనుకుందాం. మబ్బు తునక లేని ఉదయం, ఎపర్చర్ ఎఫ్/16. కంప్యూటర్‌లో తెరిచి చూస్తే మినార్ల పైన నీలాకాశంలో అక్కడక్కడా బూడిదరంగు మసక చుక్కలు కనిపిస్తాయి. అవి లెన్స్ మీది మరకలు కావు. లెన్స్ మార్చేటప్పుడు లోపలికి చేరిన దుమ్ము, సెన్సర్‌కు ముందుండే ఫిల్టర్ గాజు మీద కూర్చుని వేసిన నీడలు. ఎపర్చర్ ఎంత చిన్నదైతే ఆ నీడ అంత చిక్కగా పడుతుంది. అందుకే ఎఫ్/2.8లో కనబడని చుక్క ఎఫ్/16లో బయటపడుతుంది. రాతి నగిషీల్లోనూ ఈ చుక్కలు ఉంటాయి కానీ ఆ గజిబిజిలో కలిసిపోతాయి. నున్నని ఆకాశంలో దాక్కోవడానికి చోటు ఉండదు.

తుడిచే ముందు ఒక జాగ్రత్త. చార్మినార్ దగ్గర పావురాలు ఎగురుతూనే ఉంటాయి. దూరంగా ఎగిరే పావురం కూడా చిన్న చుక్కలాగే కనిపిస్తుంది. దాన్ని చెరిపేయడం అన్యాయం. అదే వరసలో తీసిన మరో ఫొటో పక్కన పెట్టి చూడండి. దుమ్ము ఫ్రేములో అదే చోట ఉంటుంది, పావురం ఉండదు. మసక చుక్కలు కంటికి ఆనకపోతే లైట్‌రూమ్‌లోని Visualize Spots పెట్టె టిక్ చేయండి. ఫొటో నలుపు తెలుపు గీతలుగా మారి, దుమ్ము ఉన్నచోట చిన్న సున్నాలు తేలుతాయి.

ఇక ఫొటోషాప్‌లో పని. ముందుగా ఖాళీ లేయర్ ఒకటి తెరిచి, స్పాట్ హీలింగ్ బ్రష్ తీసుకుని, Sample All Layers టిక్ చేయండి. అప్పుడు దిద్దినదంతా పై లేయర్‌లోనే ఉంటుంది, అసలు ఫొటో చెక్కుచెదరదు. బ్రష్‌ను చుక్క కంటే కొంచెం పెద్దదిగా పెట్టి ఒక్క క్లిక్ ఇస్తే చాలు. బ్రష్ చుట్టుపక్కల నుంచి గరుకుదనాన్ని తెచ్చి పరుస్తుంది. రంగును, వెలుగును మాత్రం చుక్క అంచుల దగ్గరున్న వాటితో కలుపుతుంది. ఆకాశం పైన ముదురు నీలంగా, కిందికి వచ్చేకొద్దీ లేతగా ఉన్నా ఆ కలపడం వల్ల అతుకు తెలియదు. ఖాళీ ఆకాశంలో ఇంతకు మించిన పనిముట్టు లేదు.

చిక్కంతా మినార్ పక్కన ఉంది. గుండ్రటి బాల్కనీ అంచుకు ఆనుకుని ఒక చుక్క ఉందనుకోండి. అక్కడ హీలింగ్ బ్రష్ క్లిక్ చేస్తే దాని వలయంలోకి నీలంతో పాటు రాతి రంగూ వస్తుంది. రెండింటినీ కలపడమే దాని స్వభావం. చుక్క పోతుంది, దాని చోట మట్టిరంగు మరక ఆకాశంలోకి పాకుతుంది. లేదా బాల్కనీ అంచు ముక్క ఒకటి అనవసరంగా మొలుస్తుంది. ఫొటోను 100 శాతం జూమ్‌లో చూస్తే ఈ మరక ఇట్టే పట్టుబడుతుంది. మళ్లీ మళ్లీ క్లిక్ చేస్తూ పోతే మరక పెరుగుతుందే తప్ప తగ్గదు. ఒకసారి కుదరకపోతే వెనక్కి వచ్చి, క్లోన్ స్టాంప్ తీసుకోవడమే మేలు.

క్లోన్ స్టాంప్ దేన్నీ కలపదు. మీరు చూపించిన చోటును ఉన్నదున్నట్టు తెచ్చి అద్దుతుంది. కాబట్టి ఎక్కడి నుంచి తెస్తామన్నదే అసలు విషయం. ఆకాశం రంగు ఎక్కువగా పైనుంచి కిందికి మారుతుంది. అందుకని చుక్క ఎంత ఎత్తున ఉందో అదే ఎత్తులో, మినార్‌కు దూరంగా పక్కకు జరిగి, Alt నొక్కి క్లిక్ చేయండి. పైనుంచి తెస్తే ముదురు బిళ్ల అతికించినట్టు కనబడుతుంది. ఖాళీ లేయర్ మీదే పని చేయడానికి Sample దగ్గర Current & Below ఎంచుకోండి. బ్రష్ అంచు మరీ మెత్తగా ఉంటే నీలం రాతి మీదికి చిందుతుంది, మరీ గట్టిగా ఉంటే ఆకాశంలో గీత పడుతుంది. హార్డ్‌నెస్ 50 శాతం దగ్గర మొదలుపెట్టి చూడండి. ఇంకా భయంగా ఉంటే ముందే ఆకాశాన్ని సెలెక్ట్ చేసుకోండి, రాయి జోలికి బ్రష్ వెళ్లదు.

చుక్క సగం రాతి మీద, సగం ఆకాశంలో పడితే ఆకాశం ఒక్కటే తెస్తే సరిపోదు. అదే అంచు వెంట కొంచెం పైనో కిందో చూసి, రాయి, ఆకాశం కలిసే గీత మీదే Alt క్లిక్ చేసి, ఆ గీత ఇక్కడి గీతతో కలిసేలా అద్దాలి. ఆకాశానికి అడ్డంగా పోయే కరెంటు తీగ మీది చుక్కకూ ఇదే పద్ధతి.

లైట్‌రూమ్‌లో ఒక ఫొటోకు చేసిన మరమ్మతును మిగతా ఫొటోలన్నిటికీ ఒకేసారి అంటించవచ్చు. దుమ్ము కదలదు కాబట్టి ఖాళీ ఆకాశం ఉన్న ఫొటోల్లో అది బాగా పనిచేస్తుంది. ఫ్రేము మారి ఆ చోటికి మినార్ వచ్చిన ఫొటోల్లో మాత్రం రాతి మీద ఆకాశం అతుక్కుంటుంది. అలా అంటించాక ప్రతి ఫొటోనూ తెరిచి చూడకుండా ఎవరికీ పంపకండి.