‘కి’ అంటే ‘టు’ మాత్రమేనా?

స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల్లో ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. ఎడమ వైపు కి, లో, తో, నుంచి, యొక్క అని, కుడి వైపు టు, ఇన్, విత్, ఫ్రమ్, ఆఫ్ అని. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తెలుగు మీడియంలో చదివి కాలేజీలో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లోకి దిగిన పిల్లలు చాలామంది ఈ పట్టికనే బట్టీ పడతారు. వాళ్ల ఇంగ్లిష్‌లో దొర్లే తప్పుల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. తెలుగు మీద కొన్ని తప్పు అభిప్రాయాలు పాతుకుపోయేదీ ఇక్కడే.

అపోహ: ఒక్కో విభక్తికి ఒక్కో ప్రిపోజిషన్ ఉంటుంది.

మన వెలుగోడు జలాశయం మీద ఒక వాక్యం చూద్దాం. ‘శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు మీదుగా బనకచెర్లకు వచ్చి, అక్కడి నుంచి వెలుగోడు జలాశయంలోకి చేరి, తెలుగుగంగ కాలువలో చెన్నై తాగునీటికి పోతాయి.’ ‘బనకచెర్లకు’ అన్నచోట ఇంగ్లిష్‌లో ‘టు’ సరిపోతుంది. ‘తాగునీటికి’ అన్నదీ అదే విభక్తి, కానీ అక్కడ ‘టు’ పెడితే వాక్యం చెడుతుంది, ‘ఫర్’ రావాలి. ‘జలాశయంలోకి’ అన్నచోట మనకు ‘లో’, ‘కి’ రెండూ కలిశాయి, ఇంగ్లిష్‌లో ‘ఇంటు’ ఒక్కటే చాలు. ‘మీదుగా’ అన్నదానిలో ‘మీద’ ఉంది కదా అని ‘ఓవర్’ అంటే నీళ్లు ఊరి మీద నుంచి ఎగిరిపోయినట్టు అవుతుంది. అక్కడ రావలసింది ‘వయా’ లేదా ‘త్రూ’. ‘శ్రీశైలం నీళ్లు’ అన్నచోట ఏ ప్రత్యయమూ లేదు, అయినా ఇంగ్లిష్ ‘ఫ్రమ్’ అడుగుతుంది. ఒక్క వాక్యంలోనే పట్టిక ఇన్నిసార్లు తప్పింది.

ఇందులో వింతేమీ లేదు. విభక్తి అయినా ప్రిపోజిషన్ అయినా ఎక్కువగా క్రియను బట్టి వస్తుంది. ఒక భాషలో ఒక క్రియ ఏమి కోరుతుందో, ఇంకో భాషలో దాని జోడీ క్రియ అదే కోరాలన్న నియమం లేదు.

అపోహ: ‘కి’, ‘కు’ అంటే ‘టు’.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మన నోట రోజూ ఆడే మాటలు కొన్ని తీసుకోండి. ‘ఎనిమిది గంటలకు బస్సు’, ఇక్కడ ‘ఎట్’. ‘సోమవారానికి డబ్బు కడతా’, ఇక్కడ ‘బై’. ‘ఎకరాకు ముప్పై బస్తాలు’, ఇక్కడ ‘పర్’. ‘జ్వరానికి మాత్ర’, ఇక్కడ ‘ఫర్’. ‘ఎండకు మొహం కమిలింది’ అంటే ఎండ కారణం, అక్కడ ‘ఫ్రమ్’ గానీ ‘బికాజ్ ఆఫ్’ గానీ రావాలి. ‘కర్రకు జెండా కట్టారు’ అన్నప్పుడు మాత్రం మళ్లీ ‘టు’ సరిపోతుంది. ఇక ‘ఇంటికి పోతున్నా’ అన్నదానికి ఇంగ్లిష్‌లో ఏ ప్రిపోజిషనూ లేదు. ‘ఐయామ్ గోయింగ్ టు హోమ్’ అనే తప్పు సరిగ్గా మన ‘కి’ నుంచే వస్తుంది.

మనిషికి కలిగే స్థితిని చెప్పే వాక్యాల్లో ఇంకా లోతైన తేడా ఉంది. ‘నాకు ఆకలి’, ‘నాకు భయం’, ‘వాడికి ఇద్దరు కూతుళ్లు’, ‘ఆమెకు ఇంగ్లిష్ వచ్చు’. వీటిలో దేనికీ ఇంగ్లిష్‌లో ప్రిపోజిషన్ అక్కర్లేదు, ఆ మనిషే కర్త అయిపోతాడు. ఆకలి, భయం, జ్ఞానం మనిషి దగ్గరికి వచ్చేవిగా తెలుగు చూస్తుంది. ఇది మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. తమిళంలో ‘ఎనక్కు’, మలయాళంలో ‘ఎనిక్కు’, కన్నడంలో ‘ననగె’ అన్నీ ఇదే పని చేస్తాయి. కాబట్టి ఇలాంటి వాక్యం ఎదురైతే ‘కి’కి మాట వెతకడం మాని, వాక్యాన్నే తిప్పి కట్టాలి.

మరి ‘టు’ ఎప్పుడు పెట్టాలి? దానికి ఇంగ్లిష్ క్రియనే అడగాలి. ‘ఆయనకు చెప్పినా’, ‘ఆయన్ను అడిగినా’ అన్నప్పుడు తెలుగులో విభక్తులు వేరు. ఇంగ్లిష్‌లో ‘టోల్డ్ హిమ్’, ‘ఆస్క్‌డ్ హిమ్’ రెండూ ఒకే తీరు, ‘టు’ లేదు. అదే ‘ఆయనకు వివరించినా’ అంటే ‘ఎక్స్‌ప్లెయిన్‌డ్ ఇట్ టు హిమ్’ అవుతుంది, అక్కడ ‘టు’ తప్పదు. చెప్పడం, వివరించడం మన దృష్టిలో అన్నదమ్ములే అయినా ఇంగ్లిష్‌లో వాటి దారులు వేరు. క్రియను నేర్చుకున్నప్పుడే దాని వెంట వచ్చే ప్రిపోజిషన్‌ను కలిపి నేర్చుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

అపోహ: ‘ఆఫ్’ అంటే ‘యొక్క’.

ఇంట్లో ఎవరూ ‘ఇల్లు యొక్క తలుపు’ అనరు, ‘ఇంటి తలుపు’ అంటారు. ఏరు ‘ఏటి ఇసుక’లో ఏటి అయింది. కన్ను, పన్ను, చేను వరుసగా కంటి, పంటి, చేని అవుతాయి. దీన్ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. సంబంధాన్ని చూపే పని మాట తన రూపం మార్చుకునే చేసేస్తుంది. చెరువు, చెట్టు లాంటి మాటలు మారవు, అయినా ‘చెరువు కట్ట’, ‘చెట్టు కొమ్మ’ అంటే అర్థమవుతుంది. మిగతా విభక్తులకూ ఈ మారిన రూపమే పునాది. ‘ఇంటికి’, ‘ఇంట్లో’ అందులోంచే వచ్చాయి. అమెరికాలో పెరిగిన మన పిల్లలు ‘ఇల్లుకి’ అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉండేది వాళ్లు ఈ మెట్టు దాటేసినందుకే.

వెలుగోడు పేరులోనే ఈ సూత్రానికి సాక్ష్యం ఉంది. నాడు ‘నాటి’ అయినట్టు, తాడు ‘తాటి’ అయినట్టు, వెలుగోడు ‘వెలుగోటి’ అయింది. వెంకటగిరి సంస్థానాన్ని ఏలిన వెలుగోటి వారి ఇంటి పేరు ఈ ఊరి నుంచే వచ్చిందని చెబుతారు. ఆ పేరులో ‘యొక్క’ లేదు, దాని అవసరమూ లేదు.

ఈ రూపానికి ‘ఆఫ్’ కూడా అన్నిచోట్లా నప్పదు. కంటి మందు అంటే కంటి కోసం మందు. చెరువు చేప అంటే చెరువు నుంచి వచ్చిన చేప. పంటి నొప్పికి ఇంగ్లిష్‌లో రెండు మాటలూ అతుక్కుని ‘టూత్‌ఏక్’ అయిపోయాయి. దస్తావేజుల్లో పేర్లు బారుగా వచ్చి, ఏది ఎవరిదో గజిబిజి అయ్యేచోట ‘యొక్క’ పనికొస్తుంది. మామూలు వాక్యంలో అది కనిపిస్తే ఇంగ్లిష్ నుంచి దించిన వాక్యమేమోనని అనుమానించవచ్చు.

అపోహ: బళ్లో నేర్చుకున్న ఏడు విభక్తులే తెలుగు సహజ లెక్క.

‘డు ము వు లు ప్రథమ’ అని మొదలయ్యే వరుస సంస్కృత వ్యాకరణం అచ్చులో పోసింది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించాక ఆ వరుస బళ్లలో స్థిరపడింది. అందులో ‘కొఱకు, కై’ చతుర్థి, ‘కి, కు’ షష్ఠి. సంస్కృతంలో దానం పుచ్చుకునేవాడికి చతుర్థి వస్తుంది. తెలుగులో మాత్రం ‘రాముడికి ఇచ్చాడు’ అంటాం, ‘రాముని కొఱకు ఇచ్చాడు’ అంటే అర్థమే మారిపోతుంది. ఆ ‘లు’ కూడా బహువచనపు గుర్తు, విభక్తి కాదు. ఎక్కువగా వాడే ‘నుంచి’కి ఆ వరుసలో చోటే లేదు.

అపోహ: ‘కి’ శిష్టం, ‘కు’ మొరటు.

సీమ పిల్లలు ‘నంద్యాలకు’ అంటే కోస్తా క్లాసుల్లో సరిదిద్దేవాళ్లు ఉన్నారు. నిజానికి వ్యాకరణం సీమ వైపే ఉంది. మాట చివర ఇకారం ఉంటే ‘కి’, లేకపోతే ‘కు’. అందుకే పెళ్లికి, ఊరికి, ఇంటికి. నంద్యాలకు, చెట్టుకు, నెలకు. కోస్తా మాటలో ‘కి’ అంతటా పాకింది. ఏది వాడినా తప్పు లేదు, దిద్దాల్సిన అవసరమూ లేదు.