ఆ సన్నని గీత ఏం చెబుతోంది?

పరిశోధన వ్యాసాల్లోని బార్ గ్రాఫుల్లో ప్రతి కమ్మీ కొసన నిలువుగా ఒక సన్నని గీత కనిపిస్తుంది. దాన్ని ఎర్రర్ బార్ అంటారు. గీత పొట్టిగా ఉంటే లెక్క గట్టిదనీ, పొడుగ్గా ఉంటే అనుమానించాలనీ మనం అనుకుంటాం. అయితే ఆ గీతకు అర్థం ఒకటి కాదు. కనీసం మూడు అర్థాలు వాడుకలో ఉన్నాయి. గీతను చూసి అది ఏ అర్థంలో గీసిందో చెప్పలేం. గ్రాఫు కింద రాసే క్యాప్షనే ఆ సంగతి చెప్పాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 50 కుండీల్లో ఒక్కో మిరప మొక్క నాటి, లాటరీ తీసి 25 కుండీలకు ఎరువు వేశాం, మిగతా 25కు వేయలేదు. అరవై రోజుల తర్వాత ఎరువు లేని మొక్కల సగటు ఎత్తు 62 సెంటీమీటర్లు, వేసిన వాటిది 68 వచ్చిందనుకుందాం. రెండు గుంపుల్లోనూ స్టాండర్డ్ డీవియేషన్ 10.

ఈ 10ని గీతగా గీస్తే, మొక్కలు ఒకదానికొకటి ఎంత తేడాగా పెరిగాయో తెలుస్తుంది. మామూలుగా మూడింట రెండు వంతుల మొక్కలు సగటుకు అటూ ఇటూ 10 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. ఇదే 10ని మొక్కల సంఖ్య వర్గమూలంతో, అంటే 5తో భాగిస్తే 2 వస్తుంది. అది స్టాండర్డ్ ఎర్రర్. మనం లెక్కించిన సగటు అసలు సగటుకు ఎంత దగ్గరగా ఉండవచ్చో అది చెబుతుంది. మూడోది 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. ఇక్కడ అది సగటుకు అటూ ఇటూ దాదాపు 4.1. ఇదే ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేస్తే, ఇలా గీసిన గీతల్లో నూటికి 95 అసలు సగటును తమలో ఇముడ్చుకుంటాయని దాని అర్థం.

మొక్కలు అవే, కొలతలు అవే. గీత మాత్రం 10, 2, 4.1. క్యాప్షన్‌లో పేరు చెప్పకపోతే 2 ఉన్న గ్రాఫును చూసిన పాఠకుడు మొక్కలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తున పెరిగాయని పొరబడతాడు.

స్టాండర్డ్ ఎర్రర్ మొక్కల సంఖ్యను బట్టి మారుతుంది కాబట్టి ఆ సంఖ్య కూడా రాయాలి. దాన్ని n అంటారు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఒక్కో మొక్కను మూడుసార్లు కొలిచి, 75 కొలతలున్నాయి కదా అని n = 75 అని రాస్తే స్టాండర్డ్ ఎర్రర్ 2 నుంచి దాదాపు 1.2కు పడిపోతుంది. కానీ కొత్త మొక్క ఒక్కటీ చేరలేదు. టేపు పట్టిన చెయ్యి ఎంత నిలకడగా ఉందో తప్ప, ఎరువు గురించి ఆ అదనపు కొలతలు ఏమీ చెప్పవు. ఎరువును విడివిడిగా ఎన్నింటికి వేశామో అదే n. అయిదేసి మొక్కలున్న ఒక్కో తొట్టికి ఎరువు వేసి ఉంటే, 25 మొక్కలున్నా n అయిదే. మధ్యలో రెండు మొక్కలు చచ్చిపోతే ఆ గుంపుకు 23 అని విడిగా రాయాలి.

కమింగ్, ఫిడ్లర్, వాక్స్ అనే ముగ్గురు 2007లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో ఎర్రర్ బార్లకు కొన్ని నియమాలు రాశారు. గీత ఏమిటో క్యాప్షన్‌లో చెప్పాలన్నది మొదటి నియమం, n చెప్పాలన్నది రెండోది.

మన ఉదాహరణలో ఇంకో చిక్కుంది. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ గీతల్లో ఒకటి 57.9 నుంచి 66.1 వరకు, రెండోది 63.9 నుంచి 72.1 వరకు ఉంటాయి. రెండూ కొంత మేర కలుస్తున్నాయి కాబట్టి ఎరువు పని చేయలేదని తీర్పు చెప్పేస్తారు చాలామంది. అది తప్పు. రెండు సగటుల తేడాకు విడిగా ఇంటర్వెల్ లెక్కిస్తే 0.3 నుంచి 11.7 వస్తుంది. అందులో సున్నా లేదు. తేడా ఉందనడానికి ఆధారం ఉంది గానీ, అది ఎంతన్నది ఇంకా తేలలేదు. అందుకే తేడాను కూడా క్యాప్షన్‌లోనే ఇవ్వడం మంచిది.

ఇక ‘చిత్రం 1. ఎరువు ప్రభావం’ అని ఊరుకోకుండా ఇలా రాయవచ్చు:

‘చిత్రం 1. నాటిన 60 రోజులకు మిరప మొక్కల ఎత్తు (సెం.మీ.). కమ్మీ సగటును, నిలువు గీత 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌ను, ఒక్కో చుక్క ఒక్కో మొక్కను చూపుతాయి. గుంపుకు n = 25, కుండీకి ఒక మొక్క. ప్రతి మొక్క ఎత్తూ మూడు కొలతల సగటు. ఎరువు ఏ కుండీలకు వేయాలో లాటరీతో నిర్ణయించాం. సగటుల తేడా 6 (95 శాతం ఇంటర్వెల్ 0.3 నుంచి 11.7).’

n మూడో నాలుగో అయినప్పుడు ఈ చుక్కలు మరీ అవసరం. అంత తక్కువ వాటికి సగటూ గీతా గీసేకంటే చుక్కలనే చూపించడం నిజాయితీ.

క్యాప్షన్ రాశాక వ్యాసాన్ని మూసేసి, ఆ గ్రాఫును క్యాప్షన్‌తో సహా పనితో సంబంధం లేని ఒకరికి చూపించండి. ఏం కొలిచారు, ఎన్నింటిని కొలిచారు, గీత దేనికి అని అడగండి. మూడింటికీ జవాబు రాకపోతే తిరగరాయాల్సింది మీరే.