ఎత్తు, బరువు, ఒక కంచం అన్నం

సర్కారు హైస్కూల్లో హెడ్మాస్టరు గది బీరువా తెరిస్తే రెండు రకాల లెక్కలు కనిపిస్తాయి. మధ్యాహ్న భోజనం రిజిస్టరు రోజూ బల్ల మీదికి వస్తుంది. ఆ పూట బడికి ఎందరొచ్చారు, ఎందరు తిన్నారు, బియ్యం ఎన్ని కిలోలు తీశారు, గుడ్లు ఎన్ని పంచారు అన్నీ అందులో ఉంటాయి. ఎత్తు, బరువుల రిజిస్టరు మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లే బయటికొస్తుంది. సైన్స్ ఫెయిర్ దగ్గరపడగానే థర్మోకోల్ షీట్ల కోసం పరుగెత్తే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఈ రెండూ చేతికందే దూరంలోనే ఉన్నాయి. వీటితో నిఖార్సైన పరిశోధన చేయొచ్చు. ప్రశ్న సరిగ్గా ఎంచుకోవాలంతే.

చాలామందికి మొదట తట్టే ప్రశ్న ఒకటుంది: బడి భోజనం వల్ల పిల్లలు ఎంత ఎదిగారు? దీన్ని పక్కన పెట్టడమే మంచిది. పదకొండేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలు ఏం తిన్నా, తినకపోయినా ఎంతో కొంత పొడుగవుతారు. జూన్‌లో కొలిచి డిసెంబరులో మళ్లీ కొలిస్తే నాలుగు సెంటీమీటర్లు పెరిగి ఉండొచ్చు. ఆ పెరుగుదలలో గుడ్డు వాటా ఎంత, ఇంటి తిండి వాటా ఎంత, వయసు వాటా ఎంత అన్నది విడదీయాలంటే ఆ భోజనం తినని పిల్లల జట్టు కూడా ఉండాలి. ఒక్క బడిలో అది కుదరదు. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న వేరు: మన రిజిస్టరులో ఉన్న అంకెలు నమ్మదగినవేనా?

దీనికి కొత్తగా ఏమీ కొలవక్కర్లేదు. అరవై మంది ఎత్తుల్లో చివరి అంకెలు చూస్తే చాలు. 147, 152, 138 అంటూ సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ దాదాపు సమానంగా రావాలి. అంటే సున్నాతోనో ఐదుతోనో ముగిసేవి సుమారు పన్నెండు ఉండాలి. అలాంటివి ముప్పై, నలభై కనిపిస్తే కొలిచినవాళ్లు దగ్గరి అంకెకు సర్దేశారన్నమాట. పుట్టినతేదీలనూ ఇలాగే నెలలవారీగా గ్రాఫ్ గీసి చూడాలి. జూన్‌లో పుట్టినవాళ్లు వింతగా ఎక్కువుంటే, బడిలో చేర్చేటప్పుడు వయసు ఉజ్జాయింపుగా రాయించారేమోనని అనుమానించాలి.

చివరి అంకె మీద ఇంత పట్టింపు ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. పదమూడేళ్లు నిండిన అమ్మాయి అనుకుందాం. బరువు 33 కిలోలు, అసలు ఎత్తు 147 సెంటీమీటర్లు. బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే బీఎంఐ 15.3 వస్తుంది. కొలిచే రోజు ఆ అమ్మాయి రెండు జడలు మడిచి రిబ్బన్లతో నడినెత్తిన కట్టుకుని వచ్చింది. స్కేలు జడ మీదే ఆగడంతో ఎత్తు 149 అని రాశారు. ఇప్పుడు బీఎంఐ 14.9 కన్నా కాస్త తగ్గిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన ఎదుగుదల పట్టికలో ఆ వయసు ఆడపిల్లలకు 14.9 సరిహద్దు, అంతకన్నా తగ్గితే సన్నగా ఉన్నట్టు లెక్క. రెండు సెంటీమీటర్ల జడ ఒక పిల్లను ఆ జాబితాలోకి నెట్టేసింది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. 18.5 కన్నా తక్కువుంటే బక్కపలచన అన్న లెక్క పెద్దవాళ్లది. దాన్ని పిల్లలకు వేస్తే సగం తరగతి పోషకాహార లోపం కింద తేలుతుంది. అదే పట్టికలో పదమూడేళ్ల మగపిల్లల మధ్యస్థ బీఎంఐ 18.2 మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే సగం మందికి అంతకన్నా తక్కువుంటుందని దాని అర్థం. వయసు సంవత్సరాల్లోనే కాదు, నెలల్లోనూ లెక్కగట్టి, ఆడ మగ వేర్వేరు పట్టికల్లో చూడాల్సిందే.

రెండో దశలో కొలత. గోడకు టేపు అంటించేటప్పుడు సున్నా గీత సరిగ్గా నేలను తాకాలి. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ముందుకు ఉంచాలి. తల మీద పలక చదునుగా పెట్టి మిల్లీమీటరు దాకా చదవాలి. బరువు యంత్రం నిజం చెబుతోందో లేదో తేల్చడానికి నీళ్లు చాలు. ఖాళీ క్యాను తూచి, అందులో పది లీటర్లు కొలిచి పోసి మళ్లీ తూస్తే సరిగ్గా పది కిలోలు పెరగాలి. అందరినీ భోజనానికి ముందే తూచాలి. అన్నం తిని నీళ్లు తాగాక అర కిలోకు పైగా తేడా రావొచ్చు. ప్రతి ఒక్కరినీ ఇద్దరు విద్యార్థులు, ఒకరి అంకె ఒకరికి తెలియకుండా కొలవాలి. ఎత్తులో అర సెంటీమీటరు మించి తేడా వస్తే మూడోసారి కొలవాలి. ఆ తేడాల సగటే ప్రాజెక్టుకు అసలైన ఫలితం. మన కొలతల్లో ఇంత తప్పు ఉంది అని అంకెతో చెప్పగలిగిన బృందం మాటను ఏ జడ్జీ అయినా నమ్ముతాడు.

ఇక కంచం సంగతి. కేంద్ర పథకం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. వీటితో 700 కిలోకేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ అందాలని లక్ష్యం. తొమ్మిది, పది తరగతులకు తెలుగు రాష్ట్రాలు రెండూ సొంత ఖర్చుతో పెడుతున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు చూసి పిల్లలే ఈ లెక్క సరిచూసుకోవచ్చు. బియ్యం నుంచే దాదాపు 530 కిలోకేలరీలు వస్తాయి. పప్పు, నూనె కలిస్తే లెక్క ఏడొందలకు చేరుతుంది. కోడిగుడ్డు ఇచ్చిన రోజు మరో ఆరు గ్రాముల ప్రోటీన్ కలుస్తుంది.

అయితే ఇవన్నీ గిన్నెలో పడ్డవాటి లెక్కలు, కడుపులో పడ్డవాటివి కావు. పారేసింది తూస్తేనే ఆ తేడా తెలుస్తుంది. అరవై మందికి తొమ్మిది కిలోల బియ్యం వండారనుకుందాం. ఉడికాక తూస్తే 24 కిలోల అన్నం అయింది. చేతులు కడిగే కుళాయిల దగ్గర పెట్టిన బకెట్‌లో మూడు కిలోల అన్నం పడింది. బియ్యంలోకి మారిస్తే అది 1,125 గ్రాములు, అంటే తలకు సుమారు 19 గ్రాములు. ఒక్కొక్కరికి 67 కిలోకేలరీల దాకా బకెట్ పాలయింది. గుండిగలో మిగిలింది దీనిలో కలపకూడదు, అది వేరే తూకం. పులుసు కలిసిన అన్నం బరువెక్కుతుంది కాబట్టి ఉత్త అన్నానికి ఒక బకెట్, కలిపిన అన్నానికి ఇంకొకటి పెట్టాలి. వారంలో ప్రతి రోజూ, కనీసం మూడు వారాలు తూస్తే ఏ రోజు మెనూకు బకెట్ నిండుతోందో బయటపడుతుంది. రిజిస్టరులో హాజరుకూ తిన్నవాళ్లకూ ఉన్న తేడాను దాని పక్కన పెట్టి చూస్తే ఇంకా మంచిది. సగటులో మరుగునపడేదీ ఉంది. రెండోసారి వడ్డించుకున్న పిల్లాడు, అన్నమంతా పారబోసిన పిల్ల ఒకే 19 గ్రాముల్లో కలిసిపోతారు.

ఈ పని మొదలుపెట్టే ముందు వంటవాళ్లతో మాట్లాడాలి. తూకం తమ మీద నిఘా అనుకుంటే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. అదీగాక ఏ కూర పిల్లలు తినరో, ఎందుకు తినరో వాళ్లకే బాగా తెలుసు.

పిల్లల పేర్లు చార్టు మీదికి ఎక్కకూడదు. రోల్ నంబరు కూడా వద్దు, బృందం తనంతట తాను ఇచ్చుకున్న కోడ్ చాలు. తెర చాటున తూచి, అంకెను పైకి చదవకుండా చీటీ మీద రాయాలి. పదమూడేళ్ల పిల్లకు తన బరువు తరగతిలో వినిపించడం ఎంత బాధో టీచర్లు గుర్తుంచుకోవాలి. కొలతల్లో సన్నగా తేలిన పిల్లల సంగతి సైన్స్ టీచరు చూసుకోవాలి. ఆ చీటీ ఏఎన్ఎంకో, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికో చేరాలి. రక్తహీనత ఉందో లేదో చెప్పాల్సింది వాళ్లే. ఎత్తు, బరువులను బట్టి అది తేలదు.

హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. ఈసారి ఎత్తు, బరువుల రిజిస్టరు గీయించేటప్పుడు మరో రెండు గడులు పెట్టించండి. ఒకటి కొలిచిన తేదీకి, రెండోది రెండో కొలతకు.